పన్ను రేటు అదే, వడ్డీ రేటు పెరిగింది, అయినా డిపాజిట్ మీద మిగిలేది ఎందుకు తగ్గుతుంది?

అమలాపురంలోనో భీమవరంలోనో ఏ బ్యాంకు బ్రాంచికి వెళ్లినా ఎఫ్‌డీ వేయడానికి వచ్చినవాళ్లు ముందు అడిగేది ఒకటే, "ఎంత ఇస్తున్నారండీ వడ్డీ?" అని. కొబ్బరి తోట అమ్మిన డబ్బు కావచ్చు, రిటైరయ్యాక వచ్చిన గ్రాట్యుటీ కావచ్చు, కువైట్ నుంచి కొడుకు పంపింది కావచ్చు, అందరూ చూసేది ఆ అంకెనే. ఐదు శాతం ఉన్న చోట పది శాతం ఇస్తామంటే సంబరపడతాం. కానీ ధరలు బాగా పెరుగుతున్న రోజుల్లో వచ్చే పది శాతం, ధరలు నిలకడగా ఉన్న రోజుల్లో వచ్చే ఐదు శాతం కంటే తక్కువ మిగల్చగలదు. అందులో తప్పు ధరలది మాత్రమే కాదు, పన్ను లెక్క కట్టే పద్ధతిది కూడా. పన్ను రేటు ఒక్క పైసా పెరగకుండానే పన్ను భారం రెట్టింపు అయ్యే ఈ లెక్క చాలామందికి అంతుపట్టదు, కాబట్టి మొదటి నుంచీ నెమ్మదిగా చూద్దాం.

పాస్‌బుక్కులో కనిపించే రాబడి, చేతికి నిజంగా వచ్చే రాబడి

బ్యాంకు రశీదు మీద రాసి ఉండే శాతాన్ని నామినల్ రాబడి అంటారు. లక్ష వేస్తే ఏడాదికి ఏడు వేలు వచ్చిందంటే నామినల్ రాబడి 7 శాతం. ఇందులో ధరల ప్రస్తావనే ఉండదు, రూపాయల లెక్క మాత్రమే.

ఆ డబ్బుతో కొనగలిగే సరుకు ఎంత పెరిగిందో చెప్పేది రియల్ రాబడి, అంటే నిజ రాబడి. నామినల్ రాబడిలోంచి ద్రవ్యోల్బణాన్ని, అంటే ఏడాదిలో ధరలు పెరిగిన శాతాన్ని తీసేస్తే సుమారుగా నిజ రాబడి వస్తుంది. వడ్డీ 7, ధరల పెరుగుదల 4 అయితే నిజ రాబడి దాదాపు 3. సుమారుగా అని ఎందుకన్నానంటే, కచ్చితమైన లెక్కలో తీసివేత ఉండదు, భాగహారం ఉంటుంది. రేట్లు చిన్నవైతే రెండు లెక్కలకీ పెద్ద తేడా రాదు.

మన ఆదాయపు పన్ను చట్టం చూసేది మాత్రం మొదటి అంకెనే. ఎఫ్‌డీ వడ్డీ మొత్తాన్నీ 'ఇతర ఆదాయం' కింద మన మిగతా ఆదాయంలో కలిపి, మన స్లాబు ప్రకారం పన్ను వేస్తారు. ఆ ఏడాది ధరలు రెండు శాతం పెరిగాయా, ఏడు శాతం పెరిగాయా అన్నది లెక్కలోకే రాదు. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది.

పది లక్షలు, ఎనిమిది వందల బస్తాలు

డబ్బు లెక్క వదిలేసి బియ్యం లెక్కలో చూస్తే ఇది తేలిగ్గా తెలుస్తుంది. మన కొట్లలో ఇప్పుడు 26 కిలోల బస్తాలు కనిపిస్తాయి కదా, 2022 జూలైలో 25 కిలోల వరకు ఉన్న ప్యాకింగు బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వేశాక మిల్లులు అలా ఒక కిలో పెంచాయి. ఆ బస్తా ధర 1,250 అనుకుందాం, లెక్క కోసమే. అప్పుడు పది లక్షలకి 800 బస్తాలు వస్తాయి.

భీమవరంలో సొంత ప్రాక్టీసు ఉన్న ఒక డాక్టరుగారు ఆ పది లక్షలు ఏడాదికి ఎఫ్‌డీ వేశారనుకోండి. ఆయన ఆదాయం ఎప్పుడో 24 లక్షలు దాటింది, కాబట్టి వడ్డీ అంతా కొత్త పన్ను విధానంలోని పై స్లాబులో, 30 శాతంలో పడుతుంది. పన్ను మీద అదనంగా పడే నాలుగు శాతం సెస్సుని కాసేపు పక్కన పెడదాం.

మొదటి రకం ఏడాది: ధరలు 2 శాతమే పెరిగాయి, వడ్డీ 5 శాతం. వడ్డీ 50,000 వచ్చింది, పన్ను 15,000 పోయింది, చేతిలో 10,35,000 ఉంది. బస్తా ధర 1,275 అయింది. భాగిస్తే దాదాపు 812 బస్తాలు. ఏడాది ఆగినందుకు డాక్టరుగారికి పన్నెండు బస్తాలు కలిసొచ్చాయి.

రెండో రకం ఏడాది: ధరలు 7 శాతం పెరిగాయి, బ్యాంకులు కూడా దానికి తగ్గట్టు వడ్డీ పెంచి 10 శాతం ఇచ్చాయి. వడ్డీ లక్ష వచ్చింది, పన్ను 30,000, చేతిలో 10,70,000. బస్తా ధర 1,337 రూపాయల 50 పైసలు. భాగించి చూడండి, సరిగ్గా 800 బస్తాలు. ఏడాదంతా డబ్బు కదపకుండా ఉంచినందుకు ఒక్క బస్తా కూడా పెరగలేదు. పక్కన పెట్టిన సెస్సు కూడా కలిపితే పన్ను 31,200 అవుతుంది, అప్పుడు 799 బస్తాలకి దిగుతుంది, అంటే ఒక బస్తా నష్టం.

పన్నే లేకపోతే రెండు ఏడాదుల్లోనూ డాక్టరుగారికి దాదాపు ఒకేలా మిగిలేది, మొదటి ఏడాది ఇరవై మూడున్నర బస్తాలు, రెండో ఏడాది ఇరవై రెండున్నర. అంటే పన్నుకి ముందు రెండిట్లోనూ నిజ రాబడి మూడు శాతమే. పన్ను రేటూ ఒకటే. అయినా ఒక ఏడాది లాభంలో సగం మిగిలింది, ఇంకో ఏడాది మొత్తం పోయింది.

అసలుకి పడిన గండిని కూడా ఆదాయం అనుకోవడం

రెండో ఏడాది వచ్చిన లక్ష వడ్డీని రెండు కుప్పలుగా విడదీసి చూస్తే విషయం బయటపడుతుంది. ధరలు 7 శాతం పెరిగాయి కాబట్టి అవే 800 బస్తాలు కొనాలంటే ఇప్పుడు 10,70,000 కావాలి. అంటే వడ్డీలో 70,000 అసలుకి పడిన గండి పూడ్చడానికే సరిపోయింది. అది ఆదాయం కాదు, ఆయన సొమ్ము ఆయనకి తిరిగి రావడమే. నిజంగా సంపాదించింది మిగతా 30,000. పన్ను మాత్రం లక్ష మీద వేశారు, 30,000. నిజమైన లాభం ఎంతో పన్నూ అంతే, అంటే నిజ లాభం మీద నూటికి నూరు శాతం పన్ను.

మొదటి ఏడాది అదే విధంగా విడదీస్తే, 50,000 వడ్డీలో 20,000 గండి పూడ్చడానికి, 30,000 నిజమైన లాభం. పన్ను 15,000. అంటే నిజ లాభంలో 50 శాతం. గమనించాల్సిందేమిటంటే, ద్రవ్యోల్బణం రెండు శాతమే ఉన్నప్పుడు కూడా ఆయన కట్టింది పేరుకి 30 శాతం, నిజానికి 50 శాతం. ధరలు అసలు పెరగకపోతేనే 30 అనేది 30గా ఉంటుంది.

దీని వెనక సూత్రం చిన్నది. 30 శాతం స్లాబులో ఉన్నవాళ్లకి, వడ్డీ కూడా ధరలతో సమానంగా పెరిగినా సరే, ద్రవ్యోల్బణం ఒక శాతం పెరిగిన ప్రతిసారీ పన్ను తర్వాతి నిజ రాబడి 0.3 శాతం చొప్పున తగ్గుతుంది. 20 శాతం స్లాబులో అయితే 0.2 చొప్పున. నిజ రాబడి ఉండేదే రెండో మూడో శాతం కాబట్టి, ఈ చిన్న చిన్న కోతలు త్వరగానే దాన్ని తినేస్తాయి. జీతం మీద పన్నుకి ఈ ఇబ్బంది ఈ రూపంలో ఉండదు, ఎందుకంటే జీతం కష్టానికి ప్రతిఫలం, దాని వెనక ఏటా కరిగిపోయే అసలు అంటూ ఉండదు. ధరలతో పాటు జీతం పెరిగి పై స్లాబులోకి జారిపోవడం వేరే సమస్య.

వడ్డీ రేట్లు వాటంతట అవే సర్దుకుంటాయా?

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. ధరలు పెరిగితే వడ్డీలూ పెరుగుతాయి కదా, మార్కెట్టే చూసుకుంటుంది కదా అని. అమెరికన్ ఆర్థికవేత్త ఇర్వింగ్ ఫిషర్ చెప్పింది దాదాపు అదే. జనం ముందుగా ఊహించిన ద్రవ్యోల్బణం ఎంత పెరిగితే నామినల్ వడ్డీ కూడా అంత పెరుగుతుందని. పైన మన లెక్కలో ఐదుకి ఐదు అలాగే పెంచాం. అది సరిపోలేదని చూశాం కూడా.

1975లో మైకేల్ డార్బీ అనే ఇంకో ఆర్థికవేత్త ఈ లోటుని ఎత్తి చూపారు. పన్ను నామినల్ వడ్డీ మీద పడుతున్నప్పుడు, డిపాజిటరు నష్టపోకుండా ఉండాలంటే వడ్డీ ధరలకి సమానంగా పెరిగితే చాలదు, ఇంకా ఎక్కువ పెరగాలి. మన డాక్టరుగారికి మొదటి ఏడాది పన్ను పోను 3.5 శాతం వచ్చింది, ధరలు 2 శాతం, అంటే నిజంగా మిగిలింది 1.5. రెండో ఏడాది కూడా అదే 1.5 మిగలాలంటే పన్ను పోయాక 8.5 శాతం చేతికి రావాలి, అంటే బ్యాంకు 12.14 శాతం వడ్డీ ఇవ్వాలి. ధరలు ఐదు శాతం పెరిగితే వడ్డీ ఏడు శాతం పైన పెరగాలన్నమాట. ఆ స్థాయిలో బ్యాంకులు ఇస్తాయని లెక్కలు వేసుకునేవాళ్లు తక్కువ.

నిజ జీవితంలో సమానంగా పెరగడం కూడా జరగని ఏడాదులున్నాయి. 2022 మొదట్లో రిజర్వు బ్యాంకు మిగతా బ్యాంకులకి అప్పిచ్చే రెపో రేటు ఇంకా 4 శాతమే ఉంది, కోవిడ్ సమయంలో తగ్గించింది మే నెల దాకా అలాగే ఉంచారు. ఏడాది ఎఫ్‌డీల మీద పెద్ద బ్యాంకులు ఇచ్చింది ఐదు శాతం చుట్టుపక్కల. 2022-23లో దేశంలో చిల్లర ద్రవ్యోల్బణం సగటున 6.7 శాతం. ఐదు శాతానికే లెక్క వేయండి. పది లక్షల మీద వడ్డీ 50,000. అసలు విలువ నిలబడడానికి కావాల్సింది 67,000. అంటే పన్ను కట్టకముందే 17,000 నష్టం. అయినా 50,000 ఆదాయం వచ్చిందని 15,000 పన్ను. మొత్తం నష్టం 32,000. నాకు అన్నిటికంటే అన్యాయంగా తోచేది ఈ సందర్భమే. ఇక్కడ పన్ను లాభాన్ని తినడం కాదు, లాభమే లేని చోట పన్ను పడింది. వ్యాపారంలో నష్టం వస్తే ఆ నష్టాన్ని ముందు ఏడాదులకి తీసుకెళ్లే వీలుంది. ఎఫ్‌డీ వేసినవాళ్ల నష్టం మాత్రం ఏ కాగితం మీదా నష్టంగా కనిపించదు.

దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. ఐదేళ్ల తర్వాత ఒకేసారి తీసుకునే క్యుములేటివ్ డిపాజిట్‌లో కూడా బ్యాంకు ఏటా జమ చేసే వడ్డీకి ఏటా టీడీఎస్ లెక్క వేస్తుంది. చేతికి రూపాయి రాకపోయినా పన్ను ముందే నడుస్తుంది. టీడీఎస్ కింద కోసిన 10 శాతమే మొత్తం పన్ను అనుకునేవాళ్లు చాలామంది ఉంటారు, అది అడ్వాన్సు మాత్రమే, మిగతాది స్లాబు ప్రకారం రిటర్నులో తేలుతుంది.

ద్రవ్యోల్బణం నుంచి కాపాడతామన్న బాండు సంగతి

2013లో ధరలు మండిపోతున్నప్పుడు జనం బంగారం వైపు ఎగబడుతుంటే, ప్రభుత్వం తరఫున రిజర్వు బ్యాంకు డిసెంబరులో ఒక కొత్త బాండు తెచ్చింది. పదేళ్ల గడువు, వినియోగదారుల ధరల సూచీ ఎంత పెరిగితే అంత, దానిపైన 1.5 శాతం. వినడానికి ఇంతకంటే భద్రమైనది ఉండదు. ధరలు ఎంత పెరిగినా 1.5 శాతం నిజ రాబడి ఖాయం.

కానీ ఆ వడ్డీకి పన్ను మినహాయింపు లేదు. ద్రవ్యోల్బణం కోసం ఇచ్చే భాగం మీద కూడా మామూలుగానే పన్ను. ఉదాహరణకి ధరలు 9 శాతం పెరిగాయనుకోండి, బాండు 10.5 ఇస్తుంది. 30 శాతం పన్ను అంటే 3.15 పోయి 7.35 మిగులుతుంది. ధరలు 9. నిజ రాబడి సున్నాకి 1.65 కింద. ధరలు ఎంత ఎక్కువ పెరిగితే, కాపాడడానికే పుట్టిన బాండు అంత ఎక్కువ నష్టం తెస్తుంది. అదే ధరలు 2 శాతం దగ్గర ఉంటే 3.5లో 1.05 పోయి 2.45 మిగులుతుంది, అప్పుడు కాస్త లాభమే. ఆ బాండుకి పెద్దగా ఆదరణ రాలేదు.

ఈ దెబ్బ ఎవరికి తగులుతుంది, ఎవరికి తగలదు

డెల్టాలో ఎఫ్‌డీలు ఉన్న అందరికీ ఇది వర్తించదు, ఈ మాట స్పష్టంగా చెప్పాలి. 2025-26 నుంచి కొత్త విధానంలో మొత్తం ఆదాయం 12 లక్షల లోపు ఉంటే రిబేటు వల్ల పన్ను సున్నా. పాలకొల్లులో పింఛను మీద బతుకుతూ పది పదిహేను లక్షల ఎఫ్‌డీ ఉన్న రిటైర్డ్ టీచరుగారికి పైన చెప్పిన రెండో ఏడాదిలో పది లక్షలకి 822 బస్తాలూ వస్తాయి, ఏమీ తగ్గదు. ఆవిడని దెబ్బ తీసేది 2022 లాంటి ఏడాది, వడ్డీయే ధరల కంటే వెనకబడినప్పుడు. కువైట్‌లో ఉన్న అబ్బాయి వేసిన ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ వడ్డీకి కూడా ఇక్కడ పన్ను లేదు, తిరిగొచ్చి ఇక్కడే స్థిరపడ్డాక పరిస్థితి మారుతుంది.

కాబట్టి ఒకే బ్యాంకులో, ఒకే రోజున, ఒకే రేటుకి వేసిన మూడు డిపాజిట్ల నిజ రాబడి మూడు రకాలుగా ఉంటుంది. ధరలు నిలకడగా ఉన్నప్పుడు ఆ తేడా చిన్నది, పెరిగేకొద్దీ అది విస్తరిస్తుంది.

మరి ద్రవ్యోల్బణం తీసేసి పన్ను వేయొచ్చు కదా?

సూటిగా చూస్తే పరిష్కారం తేలిక. వడ్డీలోంచి ఆ ఏడాది ద్రవ్యోల్బణం మేరకు మినహాయించి, మిగతాదాని మీదే పన్ను వేయాలి. కానీ దీనికి ఎదురు చెప్పేవాళ్ల వాదనలో ఒకటి చాలా బలమైనది, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు.

మండపేటలో ఒక రైస్‌మిల్లు యజమాని కోటి రూపాయలు అప్పు తెచ్చారనుకోండి, వడ్డీ 10 శాతమే అనుకుందాం, బ్యాంకు మార్జిన్ పక్కన పెట్టి. ఏడాదికి పది లక్షలు వడ్డీ కట్టి, ఆ మొత్తాన్నీ వ్యాపార ఖర్చుగా చూపిస్తారు. 30 శాతం చొప్పున మూడు లక్షల పన్ను ఆదా. ధరలు 7 శాతం పెరిగాయి కాబట్టి ఆయన బాకీ ఉన్న కోటి విలువ కూడా అంత మేరకు కరిగింది, అంటే అప్పు నిజంగా ఆయనకి పడింది మూడు లక్షలే. పన్ను ఆదా కూడా మూడు లక్షలే. అప్పు ఊరికే వచ్చినట్టు. డాక్టరుగారు ఎక్కడ పోగొట్టుకున్నారో మిల్లుదారు సరిగ్గా అక్కడే సంపాదించారు. డిపాజిటరుకి ద్రవ్యోల్బణం మినహాయిస్తే అప్పు తీసుకున్నవాళ్లకి ఖర్చులో కూడా అంత కోత పెట్టాలి, లేకపోతే ఖజానా రెండు వైపులా నష్టపోతుంది. అలా కోత పెడితే చిన్న వ్యాపారాలు, చెరువుల మీద అప్పులు తెచ్చినవాళ్లు ఊరుకుంటారా?

మధ్యేమార్గం వెతికిన దేశాలున్నాయి. ఇజ్రాయెల్‌లో ధరల సూచీకి ముడిపెట్టిన డిపాజిట్లకి నిజ లాభం మీద 25 శాతం పన్ను, ముడిపెట్టని వాటికి మొత్తం వడ్డీ మీద 15 శాతం. మన దగ్గర కూడా ఆస్తుల అమ్మకాల విషయంలో ఇదే చర్చ జరిగింది. అంతకుముందు 20 శాతం పన్ను ఉన్నా కొన్న ధరని ద్రవ్యోల్బణం మేరకు పెంచి చూపే ఇండెక్సేషన్ ఉండేది. 2024 జూలై బడ్జెట్‌లో దాన్ని తీసేసి రేటు 12.5 చేశారు, పాత స్థలాలూ ఇళ్లూ ఉన్నవాళ్లకి రెండిట్లో తక్కువది ఎంచుకునే వీలు తర్వాత ఇచ్చారు. రేటు తగ్గించి ఇండెక్సేషన్ తీసేయడం ధరలు నెమ్మదిగా పెరిగే రోజుల్లో బాగానే ఉంటుంది, వేగంగా పెరిగే రోజుల్లో మళ్లీ అదే చిక్కు. ఎఫ్‌డీ వడ్డీకైతే ఆ ఇండెక్సేషనూ ఎప్పుడూ లేదు, ఈ తక్కువ రేటూ లేదు.

దీని ఫలితం మన ప్రాంతంలో కళ్లకి కనిపిస్తుంది. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు, పట్టణాలకి నిర్ణీత దూరం అవతల ఉన్న పొలం అమ్మినా లాభం మీద పన్ను లేదు. బంగారం మీద పన్ను ఉన్నా అమ్మినప్పుడే. కాస్త డబ్బు చేరగానే ఎకరమో అరెకరమో కొందామనుకోవడానికి భూమి మీద మమకారం ఒక కారణమైతే, ఈ లెక్క ఇంకో కారణం. పన్ను ఎక్కువ కట్టేవాళ్లకి, ధరలు పెరిగే రోజుల్లో, బ్యాంకు డిపాజిట్ అన్నిటికంటే వెనకబడుతుంది.

ఎక్కడ గీత దాటుతుంది

ఏ డిపాజిట్‌కైనా ఒక గీత ఉంటుంది. వడ్డీలోంచి పన్ను తీసేస్తే మిగిలే శాతమే ఆ గీత. ధరలు దానికంటే తక్కువ పెరిగితే లాభం, ఎక్కువ పెరిగితే నష్టం. 7 శాతం ఎఫ్‌డీ తీసుకుంటే, పన్ను లేని టీచరుగారికి ఆ గీత 7 దగ్గర ఉంది. సెస్సుతో కలిపి 20.8 శాతం కట్టేవాళ్లకి 5.5 దగ్గర. 31.2 కట్టే డాక్టరుగారికి 4.8 దగ్గర. 2025 అక్టోబరులో ద్రవ్యోల్బణం 0.25 శాతానికి పడిపోయినప్పుడు ముగ్గురూ గీతకి చాలా సురక్షితమైన వైపే ఉన్నారు, ఆ నెలల్లో డిపాజిటర్లకి నిజ రాబడి బాగా వచ్చింది. అయితే మన ఇంటి ఖర్చు దేశ సగటులా ఉండదు, పిల్లల ఫీజులూ ఆసుపత్రి ఖర్చులూ ఎక్కువున్న ఇంటికి సూచీ చూపించే దానికంటే ధరలు ఎక్కువ పెరిగి ఉండొచ్చు, వాళ్ల గీత త్వరగా దాటిపోతుంది.

రిజర్వు బ్యాంకుకి ఇచ్చిన లక్ష్యం 4 శాతం, దాని చుట్టూ 2 నుంచి 6 వరకు సహించే పరిధి. అంటే ద్రవ్యోల్బణం ఐదున్నర శాతం ఉన్న ఏడాదిలో కూడా రిజర్వు బ్యాంకు తన పరిధి దాటనట్టే లెక్క. డాక్టరుగారి 7 శాతం డిపాజిట్ మాత్రం అప్పటికే గీత దాటి నష్టంలోకి జారిపోయి ఉంటుంది.